పావుగంట ఆలస్యమైతే పోయేది ప్రార్థనే కదా?

నల్గొండ_అమ్మ
మా పాప మూడో తరగతి. నిన్న బడి నుంచి మెసేజ్ వచ్చింది, "మీ పాప ఈ నెలలో 11 రోజులు ఆలస్యంగా వచ్చింది, దయచేసి టైముకు పంపగలరు" అని. చదివినప్పటి నుంచి మనసు బాగాలేదు. దాని హాజరు 96 శాతం, ప్రోగ్రెస్ కార్డు మీదే రాసి ఉంది. ఊరికే మాన్పించే అలవాటు మా ఇంట్లో లేదు. బెల్లు 9కి, మేం చేరేసరికి 9:25, ఒక్కోరోజు 9:30. పొద్దున్నే అత్తమ్మకు టిఫిన్ పెట్టి, చిన్నోణ్ణి అంగన్‌వాడీలో దించి, దీన్ని బడిలో వదిలి నేను షాపుకు పోవాలి. 9 నుంచి 9:15 దాకా ప్రార్థనే కదా, ఆ తర్వాత ఒక పది పదిహేను నిమిషాలు పోతే పిల్ల చదువు ఏం పాడవుతుంది? తెలిసినవాళ్లు చెప్పండి. నిజంగా నష్టం ఉంటే మానుకుంటా, ఊరికే రూల్ కోసమైతే మాత్రం నాకు కోపమే.

మిర్యాలగూడ_మిల్లు
మా బడి వాళ్లూ అంతే అక్కా. ఫీజు ఒక్కరోజు ఆలస్యమైనా మెసేజ్, పిల్లోడు ఆలస్యమైనా మెసేజ్.

హాలియా_రాజు
75 శాతం ఉంటే చాలక్కా, రూల్ అదే. మీకు 96 ఉంది, టెన్షన్ ఎందుకు. నాలుగు రోజులు పోయినా ఫ్రెండ్ నోట్సు చూసి రాసుకుంటే అయిపోతుంది.

మక్తల్_మల్లన్న
ఫోన్‌లో ముఖం చూపించి హాజరు వేసుడు వచ్చినప్పటి నుంచి ఈ గోల ఎక్కువైంది. నెట్ రాకపోతే టీచర్లు ఏం చేస్తారు పాపం.

మిర్యాలగూడ_మిల్లు
మల్లన్నా, అక్క అడిగింది టీచర్ల హాజరు కాదు, పాప ఆలస్యం గురించి.

మక్తల్_మల్లన్న
ఓ, సరే సరే. పైన మళ్లీ చదివిన. అయితే టీచరమ్మ వచ్చి చెప్పాలె, ఈ గ్రూపులో ఉన్నది కదా.

పాలమూరు_టీచరమ్మ
ఉన్నాను. ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో 19 ఏళ్లుగా చెప్తున్నా, అందులో ఎక్కువ కాలం మూడు, నాలుగు తరగతులే. నల్గొండ అక్కా, మీరు పాపను మాన్పించని మనిషి అని మీ మాటల్లోనే తెలుస్తోంది, అందుకే కొంచెం వివరంగా రాస్తా.

ముందు ఆ 96 శాతం సంగతి. రిజిస్టరులో ఆలస్యంగా వచ్చిన పిల్లకూ హాజరే వేస్తాం, వేయాలి కూడా. కాబట్టి ఆ శాతంలో ఆలస్యం కనబడదు. 9:30కి వచ్చిన పిల్ల, 8:50కి వచ్చిన పిల్ల కాగితం మీద ఒకటే. మీ బడి వాళ్లు విడిగా లెక్కపెట్టి చెప్పారంటే ఎవరో గమనిస్తున్నారన్నమాట.

రెండోది, పోయేది రోజులో పదిహేను నిమిషాలు అని మీరు అనుకుంటున్నారు. నేనైతే ముందు మొదటి పీరియడ్ ఏదో అడుగుతా. ఆలస్యం రోజంతా పరుచుకోదు, ఎప్పుడూ ఒకే పీరియడ్ మీద పడుతుంది. చాలా బడుల్లో పొద్దున్నే పిల్లల బుర్ర తాజాగా ఉంటుందని లెక్కలో, తెలుగో పెడతారు. మీ దగ్గర ఏది?

నల్గొండ_అమ్మ
ఇప్పుడే పాపను అడిగాను. సోమ నుంచి శుక్ర దాకా లెక్కలేనట. శనివారం ఇంగ్లీష్. పీరియడ్ 40 నిమిషాలు, 9:15కి మొదలు.

పాలమూరు_టీచరమ్మ
అదే అనుకున్నా. 9:30కి వస్తే పీరియడ్‌లో పదిహేను నిమిషాలు అయిపోయాయి. ఈ నెల 11 రోజులకు 165 నిమిషాలు, అంటే నాలుగు పీరియడ్లు. ఇంగ్లీష్ పోలేదు, సైన్స్ పోలేదు, దాదాపు అన్నీ లెక్కల్లోనే. ఇట్లే ఏడాదంతా సాగితే నలభై లెక్కల పీరియడ్లు. అయినా హాజరు 96 శాతమే ఉంటుంది.

ఇంకో సంగతి ఉంది, అది నిమిషాల లెక్కలో రాదు. పీరియడ్‌లో మేం కొత్తది చేసి చూపించేది మొదట్లోనే. నిన్నటిది ఒకసారి అడుగుతాం, ఆ తర్వాత పుల్లలో, పూసలో పట్టుకుని కొత్త లెక్క బోర్డు దగ్గర చేసి చూపిస్తాం, ఇద్దరు ముగ్గురు పిల్లలతో చేయిస్తాం. 9:30 దాటాక "ఇక మీరు చేయండి" అని అభ్యాసం ఇస్తాం. మీ పాప వచ్చేసరికి అందరూ తల వంచుకుని లెక్కలు చేస్తుంటారు. సంచి పెట్టి, పుస్తకం తీసి, ఏ పేజీ అని పక్కపిల్లను అడిగేసరికి ఇంకో ఐదు నిమిషాలు. తను చూడనిదాన్ని తను చేయాలి. తెలివైన పిల్ల అయితే ఊరుకోదు, తనకు తోచిన ఒక పద్ధతి కనిపెట్టుకుంటుంది. అసలు చిక్కు అక్కడే వస్తుంది.

హాలియా_రాజు
మేడమ్, నాకు ఒకటి అర్థం కాలేదు, నేను చెప్పిన 75 శాతం తప్పా?

పాలమూరు_టీచరమ్మ
తప్పని కాదు రాజూ. పెద్ద తరగతుల్లో, కాలేజీల్లో పరీక్ష రాయనివ్వడానికి హాజరు శాతం చూస్తారు, అది పరీక్షకు అర్హత లెక్క. పిల్లకు వచ్చిందా రాలేదా అనేది ఆ అంకె చెప్పదు. విద్యా హక్కు చట్టంలో ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి కనీసం 200 పనిదినాలు, ఆరు నుంచి ఎనిమిదికి 220 అని ఉంది. 200లో 75 శాతమంటే యాభై రోజులు బడిలో లేనట్టే. మూడో తరగతి పిల్ల యాభై రోజులు లేకపోతే ఏం మిగులుతుంది చెప్పు?

నోట్సు సంగతి కూడా చెప్పాలి. లెక్కల నోట్సు చూసి రాసుకుంటే పేజీ నిండుతుంది, ఇంట్లోవాళ్లు చూసి సంతోషిస్తారు. కానీ అందులో జవాబు ఉంటుంది, ఆ జవాబు ఎట్లా వచ్చిందో ఉండదు. అన్నీ రైటు మార్కులున్న నోట్సు పెట్టుకుని, అదే లెక్క బోర్డు మీద చేయలేని పిల్లలను ప్రతి ఏడాదీ చూస్తా.

దేవరకొండ_శైలు
ఇది నాకు జరిగింది. డిగ్రీ ఫైనల్ ఇయర్‌లో ఉన్నా, ఇప్పటికీ భాగహారం అంటే గుండె జారుతుంది. నాలుగో తరగతిలో మా ఊరి బస్సు ఎప్పుడూ లేటు, రోజూ పాఠం సగంలోకి పోయేదాన్ని. సార్ కొట్టేవాడు కాదు గానీ గుమ్మం దగ్గర నిలబెట్టేవాడు. కొన్నాళ్లకు బస్సు ఆలస్యమైతే బడికే పోయేదాన్ని కాదు, స్టాపు నుంచి ఇంటికి తిరిగొచ్చేదాన్ని. అమ్మ కూడా "ఇప్పుడు పోయి తిట్లు తినుడు ఎందుకు, రేపు పో" అనేది. ప్రేమతోనే అనేది.

వనపర్తి_తాత
శైలమ్మా, నువ్వు చెప్పింది చాలా ముఖ్యం. నేను హెడ్మాస్టరుగా రిటైరైన. ఆలస్యంగా వచ్చినోళ్లను గేటు బయట నిలబెడితే దారికొస్తారని మేం కూడా కొన్నేళ్లు చేసినం. దానివల్ల పదిహేను నిమిషాలు పోవాల్సింది పీరియడ్ మొత్తం పోయింది, కొందరు పిల్లలు రోజు మొత్తం మానేసినరు. ఎనిమిదేళ్ల పిల్ల తనంతట తాను ఆలస్యం కాదు కదా, పెద్దోళ్ల వల్ల అవుతుంది. శిక్ష మాత్రం దానికి. ఆ తప్పు నాకు ఇప్పటికీ బాధే. విద్యా హక్కు చట్టం వచ్చినంక పిల్లలను కొట్టడం, మనసు నొప్పించే శిక్ష వేయడం రెండూ నిషేధం.

పత్తి_చేను
మీరందరూ పావుగంట గురించి మాట్లాడుతున్నరు, మా దిక్కు సంగతి వేరే. మునుగోడు దగ్గర మాది. దసరా సెలవులు అయిపోంగనే పత్తి ఏరుడు మొదలు, సంక్రాంతి దాకా ఉంటది. నేనూ నా భార్య చేనుకు పోతే ఏడాదిన్నర పిల్లను ఎవరు చూడాలె? పెద్దబిడ్డ ఐదో తరగతి, ఆమెనే ఉంచుతం. రోజూ కాదు, వారంల ఒకరోజు, రెండు రోజులు. పత్తి తెల్లగ పలిగినప్పుడు ఏరకపోతే వాన పడితే రంగు మారుతది, రేటు పోతది. కూలోళ్లు దొరకరు. ఏం చెయ్యమంటరు?

మిర్యాలగూడ_మిల్లు
అన్నా, అంగన్‌వాడీలో వేయలేరా చిన్నదాన్ని?

పత్తి_చేను
మూడేళ్లు నిండినోళ్లనే రోజంతా ఉంచుకుంటరు. చిన్నదానికి గుడ్లు, బాలామృతం ఇస్తరు గానీ పొద్దంతా పట్టుకొని కూసోరు కదా.

పాలమూరు_టీచరమ్మ
పత్తి చేను అన్నా, మిమ్మల్ని తప్పు పట్టే మాట నా నోట రాదు. మా బడిలోనూ కార్తీకం వచ్చిందంటే బెంచీలు ఖాళీ. ఒక్కటి మాత్రం చెప్తా. వారానికి ఒకరోజు అంటే చిన్నగా అనిపిస్తుంది. అక్టోబరు నుంచి జనవరి దాకా లెక్కేస్తే పదిహేను, ఇరవై రోజులు. అవి విడివిడిగా పోతాయి కాబట్టి మాకు కూడా పట్టుబడవు. వరుసగా పది రోజులు రాకపోతే "ఈ పిల్లకు ఈ పాఠం లేదు" అని నాకు గుర్తుంటుంది, కూర్చోబెట్టి చెప్తా. మంగళవారం ఒకటి, మళ్లీ సోమవారం ఒకటి పోతే ఏ మెట్టు జారిందో నేనే కనిపెట్టలేను.

మీరు ఉంచక తప్పని రోజు ముందురోజే టీచర్‌కు ఫోన్ చేయండి. ఏ రోజు కొత్త పాఠం మొదలవుతుందో, ఏ రోజు ఊరికే అభ్యాసమో వాళ్లు చెప్పగలరు. అభ్యాసం ఉన్న రోజు పోతే నష్టం తక్కువ. ఇది మంచి పరిష్కారం కాదు, నాకు తెలుసు. ఉన్నదాంట్లో కొంత మేలు.

వనపర్తి_తాత
టీచరమ్మా, ఇక్కడ నీతో ఒప్పుకోను. టీచరే "ఫలానా రోజు మానినా ఫర్వాలేదు" అంటే ఇక ప్రతి ఇంట్లో అదే మాట అయితది. పైగా ఇంట్ల ఉండేది ఎప్పుడూ ఆడపిల్లే. కొడుకును ఎవరూ ఉంచరు.

పాలమూరు_టీచరమ్మ
మీ మాటలో న్యాయం ఉంది సార్. ఆడపిల్ల సంగతి అయితే నూటికి నూరు నిజం. కానీ నేను చెప్పకపోయినా ఆ పిల్ల ఇంట్లోనే ఉంటుంది, నాకు తెలియకుండా ఉంటుంది. తెలిసి ఉండడం మేలనిపిస్తోంది నాకు.

పత్తి_చేను
కొడుకు లేడు తాతా నాకు, ఇద్దరూ బిడ్డలే. అయినా మీరన్నది మనసుకు తగిలింది.

నల్గొండ_అమ్మ
టీచరమ్మా, ఇందాక "తనకు తోచిన పద్ధతి కనిపెట్టుకుంటుంది" అన్నారు. అది కొంచెం చెప్పండి. మా పాపకు లెక్కల్లో ఎప్పుడూ సగం మార్కులే వస్తున్నాయి, అజాగ్రత్త అని తిడుతున్నా.

పాలమూరు_టీచరమ్మ
తిట్టకండి. రాత్రి ఒక తెల్లకాగితం మీద ఈ నాలుగు తీసివేతలు, ఒకదాని కింద ఒకటి నిలువుగా వేసి ఇవ్వండి. పక్కన కూర్చోండి, ఏమీ చెప్పొద్దు.

52 − 27
64 − 38
85 − 32
70 − 46

జవాబులు ఇక్కడ పెట్టండి. తప్పో రైటో కాదు, పాప ఏం రాసిందో అదే రాయండి.

నల్గొండ_అమ్మ
చేసింది. 35, 34, 53, 36. మూడోది ఒక్కటే రైటు. చకచకా చేసేసింది, ఎక్కడా ఆగలేదు కూడా.

పాలమూరు_టీచరమ్మ
ఇది అజాగ్రత్త కాదు అక్కా. తప్పులు మూడూ ఒకే తీరుగా ఉన్నాయి చూడండి. 52లోంచి 27 తీసేటప్పుడు 2లోంచి 7 పోదు. మీ పాప ఏం చేసిందంటే తిరగేసి 7లోంచి 2 తీసి 5 వేసింది, 5లోంచి 2 తీసి 3 వేసింది. 35. పైనున్నదా కిందున్నదా అని చూడకుండా పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీస్తోంది. 70 − 46లో కూడా 6లోంచి సున్నా తీసి 6 అనుకుంది. 85 − 32లో అప్పు తెచ్చుకునే పని లేదు కాబట్టి ఆ పద్ధతితోనే రైటు వచ్చింది. అందుకే సగం మార్కులు వస్తూ ఉంటాయి, అందుకే ఎవరికీ అనుమానం రాదు.

అజాగ్రత్త అయితే తప్పులు రకరకాలుగా ఉంటాయి, మళ్లీ చేయమంటే సరిచేసుకుంటారు. ఈ పిల్ల మళ్లీ చేయమన్నా అదే 35 వేస్తుంది, ఎందుకంటే తన లెక్కలో అదే రైటు. పదుల్లోంచి అప్పు తెచ్చుకోవడం చూపించిన రోజుల్లో పాప పీరియడ్ మధ్యలో వచ్చి ఉంటుంది. నేను అక్కడ లేను, ఖచ్చితంగా చెప్పలేను. ఈ తప్పు టైముకు వచ్చే పిల్లల్లో కూడా వస్తుంది. కాకపోతే వాళ్లు బోర్డు దగ్గర చేసేటప్పుడే బయటపడుతుంది, ఆ రోజే సరిచేస్తాం.

ఇది ఇప్పుడు చూడకపోతే నాలుగో తరగతిలో భాగహారం దగ్గర ఆగిపోతుంది. 312ను 4తో భాగించాలంటే 31లోంచి 28 తీయాలి. మనకు 3 వస్తుంది, మీ పాపకు 17 వస్తుంది. 4తో భాగిస్తుంటే శేషం 17 ఏంటని అక్కడే పెన్సిలు పెట్టేస్తుంది. అప్పుడు టీచర్ భాగహారమే మళ్లీ మళ్లీ చెప్తుంది, లోపం ఉన్నది ఏడాది కిందటి తీసివేతలో.

దేవరకొండ_శైలు
శేషం 17! నాకు అచ్చం ఇట్లాంటివే వచ్చేవి. నాకు భాగహారం రాదనే ఇన్నేళ్లు అనుకున్నా.

హాలియా_రాజు
నేను కూడా మా తమ్ముడికి ఆ నాలుగు ఇచ్చి చూశా, అన్నీ రైటు చేశాడు. వాడు బడి పక్కనే ఉంటాడు, గంట కొట్టేదే వాడు.

నల్గొండ_అమ్మ
టీచరమ్మా, ఏడుపొచ్చింది నాకు. తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చాయి. ఇప్పుడేం చేయాలి? ట్యూషన్ పెట్టించాలా?

పాలమూరు_టీచరమ్మ
ట్యూషన్ వద్దు. చీపురు పుల్లలు ఒక డెబ్బై ఎనభై ముక్కలు చేయండి, పదేసి కలిపి రబ్బరు బ్యాండు వేయండి. 52 అంటే ఐదు కట్టలు, రెండు విడిపుల్లలు. "ఇందులోంచి ఏడు విడిపుల్లలు నాకు ఇవ్వు" అని అడగండి. రెండే ఉన్నాయి. కట్ట విప్పమని మీరు చెప్పొద్దు, తనే విప్పేదాకా ఆగండి. విప్పితే పన్నెండు అవుతాయి, ఏడు ఇస్తే ఐదు మిగులుతాయి. కట్టలు నాలుగే ఉన్నాయని తన కళ్లతో చూస్తుంది. అందులోంచి రెండు ఇస్తే రెండు. ఇరవై ఐదు. పుల్లలతో వచ్చాకే కాగితం మీద పెట్టండి, రోజుకు పది నిమిషాలు, మూడు నాలుగు లెక్కలు చాలు.

కానీ ఈలోపు మళ్లీ 9:30కే వస్తే ఇప్పుడు చెప్తున్న గుణకారం మొదలు పోతుంది. ఒక రంధ్రం పూడుస్తుంటే పక్కన ఇంకోటి పడుతుంది.

జడ్చర్ల_ఆటో
బడిపిల్లల ఆటో నడుపుతా. నేను చూసింది చెప్తా. మొదటి ఇంటి ముందు మూడు నిమిషాలు ఆగితే చివరి పిల్ల పది నిమిషాలు ఆలస్యం. ఆ చివరి పిల్ల వాళ్లమ్మ పొద్దున ఎనిమిదింటి నుంచే గేటు దగ్గర నిలబడి ఉంటుంది. ఒక ఇంట్లో బూట్లు వెతికితే ఆరుగురు పిల్లల మొదటి పీరియడ్ పోతుంది. బూట్లు, సంచి, ఐడీ కార్డు రాత్రే తలుపు దగ్గర పెట్టమని అందరికీ చెప్పిన. సగంమంది విన్నరు.

మక్తల్_మల్లన్న
ఆ బూట్లలో ఒకటి ఎప్పుడూ మంచం కిందనే ఉంటది అన్నా, మా ఇంట్ల రోజూ ఇదే.

వనపర్తి_తాత
టీచరమ్మా, నీ బడిలో తల్లిదండ్రులకు చీటీ ఏమన్నా పంపుతవా? నల్గొండ అమ్మకు వచ్చిన మెసేజ్‌లో ఆలస్యం అని ఉంది, ఏం పోతుందో లేదు. అందుకే కోపం వచ్చింది పాపం.

పాలమూరు_టీచరమ్మ
సోమవారం పంపాలని ఒకటి రాసిపెట్టుకున్నా సార్. చూసి చెప్పండి.

"అమ్మా, నాన్నా, మన బడి గంట 9కి. లెక్కల పాఠం 9:15కి మొదలవుతుంది. కొత్త లెక్క చేసి చూపించేది మొదటి పదిహేను నిమిషాల్లోనే. ఆ తర్వాత వచ్చిన పిల్లలు చూడని లెక్క చేయాల్సి వస్తోంది. కాబట్టి 8:55కి పిల్లలు బడిలో ఉండేట్టు చూడండి. ఆలస్యం అయినరోజు మాన్పించవద్దు, పంపండి, మేం ఏమీ అనం. జ్వరం ఉంటే పంపవద్దు, ఒక్క ఫోన్ చేయండి. పోయిన పాఠం వాళ్లు వచ్చిన రోజు భోజనం తర్వాత పదిహేను నిమిషాలు కూర్చోబెట్టి చెప్తాం. పొద్దున మీకు ఏదైనా ఇబ్బంది ఉంటే వచ్చి చెప్పండి. క్రమం తప్పక రాని పిల్లలపై తగిన చర్య తీసుకోబడును."

దేవరకొండ_శైలు
మేడమ్ చివరి వాక్యం తీసేయండి ప్లీజ్. అది చదివితే మా అమ్మ పైనున్నదంతా మర్చిపోతుంది.

జడ్చర్ల_ఆటో
అవును మేడమ్. చదువురానోళ్లు కూడా ఉంటరు, వాట్సాప్‌లో మీ గొంతుతో చెప్పి పెట్టండి, వింటరు.

పాలమూరు_టీచరమ్మ
తీసేశా. ఆ వాక్యం పాత సర్క్యులర్ల అలవాటు. గొంతుతో పెట్టడం చాలా మంచి ఆలోచన తమ్ముడూ, ఇన్నేళ్లు తట్టలేదు.

పత్తి_చేను
"ఇబ్బంది ఉంటే వచ్చి చెప్పండి" అన్నది ఉంచండి మేడమ్. మా బిడ్డ బడి సార్‌కు నేను ఇప్పటిదాకా ఏం చెప్పలే. రేపు పోతా.

మిర్యాలగూడ_మిల్లు
మరి బస్సు ఆలస్యమైతే? మా దగ్గర పక్క ఊర్ల పిల్లలకు పొద్దున ఒక్కటే బస్సు, నిండిపోతే ఆపకుండా పోతుంది. వాళ్ల తల్లిదండ్రులకు ఏ చీటీ పంపినా ఏం లాభం?

వనపర్తి_తాత
లాభం లేదు, నిజమే. మా కాలంలో ఊరి పెద్దలు, హెడ్మాస్టరు కలిసి పోయి డిపోలో అర్జీ ఇచ్చేది, ఒకసారి టైము మారింది, రెండోసారి మారలేదు. అప్పటిదాకా మొదటి పీరియడ్‌లో లెక్కలు పెట్టకుండా రెండో పీరియడ్‌కు జరిపినం. బస్సు పిల్లలకు అదొక్కటే పనికొచ్చింది.

పాలమూరు_టీచరమ్మ
మంచి మాట సార్. కానీ అందరికీ జరిపితే టైముకు వచ్చేవాళ్లు కూడా మొదటి పీరియడ్‌ను తేలిగ్గా తీసుకుంటారని మా దగ్గర ఒప్పుకోలేదు. మళ్లీ అడిగి చూస్తా.

నల్గొండ_అమ్మ
వారం తర్వాత రాస్తున్నా. చిన్నోణ్ణి అంగన్‌వాడీకి ఇప్పుడు మా ఆయన దించుతున్నాడు, డ్యూటీకి పది నిమిషాలు ముందు బయల్దేరితే అయిపోయింది, ఇన్నాళ్లు అడగలేదు నేను. ఈ వారం ఐదు రోజులు 8:50కి చేరాం, గురువారం మాత్రం అత్తమ్మకు షుగర్ తగ్గి 9:20 అయింది. పంపాను, మానలేదు. క్లాస్ టీచర్‌కు ఆ నాలుగు లెక్కల కాగితం చూపిస్తే ఆమె ఇంకో ఆరుగురు పిల్లలకు ఇచ్చి చూసిందట, ఇద్దరికి అట్లాగే వచ్చిందట. పుల్లలతో మూడోరోజు పాప తనే కట్ట విప్పింది. నిన్న కాగితం మీద 64 − 38 వేస్తే చాలాసేపు ఆగి 26 రాసింది. 70 − 46 ఇంకా 36 అనే అంటోంది.

పాలమూరు_టీచరమ్మ
ఆగింది అంటే ఆలోచిస్తోంది, అది మంచి గుర్తు అక్కా. సున్నా ఉన్నవి చివరికి వస్తాయి. 70 అంటే ఏడు కట్టలు, విడిపుల్ల ఒక్కటీ లేదు. ఆ ఖాళీ చోటు పాపకు చూపించి ఆరు పుల్లలు అడగండి.